గొంతు గాలిపోయి, నీళ్ళు పొలమారుతుంటే: ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత, ఏది అప్పుడే అక్కర్లేదు

నీళ్ళు తాగుతూ పొలమారితే "ఎవరో తలుచుకుంటున్నారు" అని నెత్తిన తట్టడం మనకు అలవాటు. ఎప్పుడో ఒకసారి ఎవరో తలుచుకుంటే సరే. ప్రతి గ్లాసుకీ తలుచుకుంటున్నారంటే, అదే వారంలో గొంతు కూడా గాలి కారే సైకిల్ ట్యూబులా తయారైందంటే, తలుచుకునేవాళ్ళ సంగతి పక్కనపెట్టి స్వరపేటిక లోపలికి చూడాలి.

నేను చెన్నైలో గొంతు, మింగుడు సమస్యలు చూసే స్పీచ్ థెరపిస్టుని. మాది నాయుడుపేట కావడంతో నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చేవాళ్ళని ఈఎన్‌టీ డాక్టర్లు నా గదికే పంపుతుంటారు. వాళ్ళు తెచ్చే సంచీలో స్కాన్ ఫిల్ములు, రక్త పరీక్షలు, గ్యాస్ మాత్రల చీటీలు బోలెడుంటాయి. అసలు చేయాల్సిన మొదటి పరీక్ష మాత్రం చాలాసార్లు ఉండదు. అందుకే ఈ పరీక్షల్లో దేనితో ఏది తెలుస్తుందో, ఏది ముందు ఎంచుకోవాలో నా అనుభవం మేరకు చెబుతాను.

ఈ రెండు లక్షణాలు కలిసి వస్తే అర్థం ఏమిటి

స్వరతంతులు రెండు రెక్కల తలుపు లాంటివి. ఊపిరి పీల్చేటప్పుడు తెరుచుకుంటాయి, మాట్లాడేటప్పుడు దగ్గరికొచ్చి కంపిస్తాయి, మింగేటప్పుడు గట్టిగా మూసుకుని ఊపిరితిత్తుల దారిని కాపాడతాయి. ఒక రెక్కను కదిలించే నరం పనిచేయడం మానేస్తే అది సగం తెరుచుకుని అలాగే నిలబడిపోతుంది. దీన్నే స్వరతంతి పక్షవాతం అంటారు. పక్షవాతం అనగానే కాలూ చెయ్యీ పడిపోవడమే గుర్తొచ్చి ఇంట్లోవాళ్ళు బెంబేలెత్తుతారు. ఇక్కడ పడిపోయింది ఆ ఒక్క రెక్క. మెదడులో ఏమీ జరగకుండానే ఇది రావచ్చు.

రెక్క మూసుకోకపోతే మూడు సంగతులు కనిపిస్తాయి. మాటలో సగం గాలే ఉంటుంది. రెండు మూడు మాటలకే ఊపిరి చాలదు. దగ్గు 'ఖంగు'మని మోగదు, 'హుహ్' అని గాలి ఊదినట్టు వస్తుంది. వీటితో పాటు నీళ్ళు, కాఫీ, రసం లాంటి పల్చటివి ఆ సందులోంచి శ్వాసనాళంలోకి జారతాయి. అన్నం ముద్ద మాత్రం బాగానే దిగుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. "అన్నం బాగానే తింటున్నాడు, మింగడానికేం ఇబ్బంది లేదు" అనుకుంటారు.

అరవడం వల్ల పాడైన గొంతు ఇలా ఉండదు. అది బొంగురుగా, గరగరగా ఉంటుంది, వాపు గానీ కాయ గానీ ఉంటుంది, కానీ నీళ్ళు పొలమారవు. గొంతు మారడం, పల్చటివి పొలమారడం రెండూ ఒకే రోజుల్లో మొదలైతే నేను ముందుగా అనుమానించేది తలుపు మూసుకోవడం లేదనే.

ఇంట్లో గడియారం పెట్టుకుని చూసుకోగల పరీక్ష ఒకటుంది. నిండుగా ఊపిరి పీల్చి 'ఆ' అని ఆగకుండా ఎన్ని సెకన్లు లాగగలరో మూడుసార్లు చూసి, ఎక్కువ వచ్చిన అంకె తీసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు పదిహేను సెకన్లకు అటూ ఇటూగా, చాలామంది అంతకన్నా ఎక్కువగానే లాగుతారు. ఒక రెక్క ఆగిపోయినవాళ్ళు తరచూ పదిలోపు, చాలాసార్లు ఐదు దగ్గరే ఆగిపోతారు. దీంతో జబ్బు తేలదు. ఆయాసం ఉన్నవాళ్ళకీ అంకె తగ్గుతుంది. అయినా కాగితం మీద తేదీతో సహా రాసిపెట్టుకుంటే తర్వాత బాగా పనికొస్తుంది.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. గొంతు పోవడంతో పాటు తల తిరిగి నిలబడలేకపోవడం, ముఖం ఒకవైపు తిమ్మిరి, ఒక కనురెప్ప వాలడం, ఆగని వెక్కిళ్ళు లాంటివి ఉంటే అది మెదడు వెనక భాగంలో వచ్చిన స్ట్రోక్ కావచ్చు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే గడువు. ఈఎన్‌టీ ఓపీ కోసం తెల్లారేదాకా ఆగకూడదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు ఈల లాంటి శబ్దం వస్తున్నా అంతే. అది రెండు రెక్కలూ ఆగిపోయిన గుర్తు కావచ్చు.

గూడూరు నిమ్మకాయల మార్కెట్ నుంచి వచ్చినాయన

గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి ఒకరి సంగతి చెబుతాను. యాభై ఆరేళ్ళాయన, గూడూరు నిమ్మకాయల మార్కెట్లో వేలంపాట పాడతారు. ఇరవై ఏళ్ళు సిగరెట్ తాగి మానేశారు. ఒక సోమవారం పొద్దున పాటకి నోరు తెరిస్తే గాలే వచ్చింది. రెండు మూడు రోజులకి కాఫీ పొలమారడం మొదలైంది. ఊళ్ళో యాంటీబయాటిక్ వాడారు, తర్వాత రెండు వారాలు గ్యాస్ మాత్రలు. తెలిసినవాళ్ళు ఎవరో చెబితే మెడ సీటీ స్కాన్ తీయించుకున్నారు. రిపోర్టులో 'నార్మల్' అని వచ్చింది. ఐదో వారంలో అంబత్తూరులో ఉన్న కూతురింటికి వచ్చి, అక్కణ్ణుంచి మా దగ్గరికి వచ్చారు.

"అరిసరిసి గొంతు బొయ్యిందిమ్మా. నాలుగు దినాలు నోరు మూసుకోనుంటే అదే వస్తాదనుకున్నా" అన్నారు. ఈ రెండు వాక్యాలకి ఐదుసార్లు ఊపిరి తీసుకున్నారు.

"నీళ్ళు తాగితే ఎట్టుంటుందన్నా?" అని అడిగాను.

ఆయన మాట్లాడకముందే భార్య అందుకున్నారు. "ప్రతిసారీ పొలమారతా ఉండాదమ్మా. రాత్రి రసం తాగి కళ్ళల్లో నీళ్ళు తెచ్చుకున్యాడు."

'ఆ' లాగమంటే నాలుగు సెకన్లు వచ్చింది.

చెన్నైలో ఓపీకి వెళ్ళే మనవాళ్ళకి ఇక్కడొక చిన్న సూచన. రిజిస్ట్రేషన్ దగ్గర "దగ్గు వస్తోంది" అని చెబితే ఛాతీ విభాగానికి చీటీ రాస్తారు. ఈయనకీ మొదట అలాగే రాశారు. పొలమారడానికి తమిళంలో సరైన మాటే ఉంది. "తణ్ణి కుడిచ్చా పొరై ఏరుదు" అనండి. వెంటనే అర్థమవుతుంది.

లోపలికి చూడటానికి నాలుగు దారులు

ఏ ఆసుపత్రికి వెళ్ళినా మొదట జరగాల్సింది స్వరతంతులను కంటితో చూడటం. 2018లో అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం సవరించిన మార్గదర్శకాలు దీన్ని సూటిగా చెప్పాయి: గొంతు మార్పు నాలుగు వారాల్లో తగ్గకపోతే, లేదా తీవ్రమైన కారణం ఉందని అనుమానం వస్తే అంతకంటే ముందే, స్వరపేటికను చూడాలి. చూడకముందు గొంతు మార్పు కోసమే సీటీ, ఎంఆర్‌ఐ తీయకూడదు. చూడకముందు గ్యాస్ మాత్రలు రాయకూడదు. గూడూరాయన సంచీలో ఈ రెండూ ఉన్నాయి, చూసిన రిపోర్టు మాత్రం లేదు.

చూడటానికి ఉన్న వాటిలో అన్నిటికన్నా పాతది చిన్న అద్దం. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు పళ్ళ డాక్టర్ల అద్దంతో, ఎండ వెలుతురులో తన స్వరతంతులను తానే చూసుకున్నాడు. ఇప్పటికీ ఓపీలో అద్దంతో చూస్తారు. పెద్ద గడ్డ ఉందా లేదా చెప్పడానికి ఒక మాదిరిగా సరిపోతుంది. కానీ వీడియో ఉండదు, వాంతి వచ్చేవాళ్ళకి కుదరదు, కదలిక తేడాని రెండు సెకన్లలో పట్టుకోవాలి. అద్దంలో 'బాగానే ఉంది' అన్నారని ఆగిపోకండి.

రెండోది నోట్లోంచి పెట్టే గట్టి టెలిస్కోపు. బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుందంటే తంతి అంచున ఉన్న చిన్న రక్తనాళం కూడా కనిపిస్తుంది. కానీ నాలుకని గుడ్డతో పట్టుకుని బయటికి లాగి ఉంచాలి. ఆ స్థితిలో 'ఈ' అనగలరే గానీ మాట్లాడలేరు, ముక్కుతో గాలి ఎగపీల్చలేరు, మింగలేరు. మన ప్రశ్న కదలిక గురించి, మింగడం గురించి కాబట్టి బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఇది రెండో స్థానమే.

నేను ఎంచుకోమనేది మూడోదాన్ని, ముక్కులోంచి వెళ్ళే వంగే సన్నటి స్కోపు. మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు. ముక్కులో దూదితోనో స్ప్రేతోనో కొంచెం మందు పెడతారు. కూర్చునే ఉంటారు, నోరు ఖాళీగా ఉంటుంది. 'ఈ' అనమని, వెంటనే ముక్కుతో గాలి ఎగపీల్చమని మార్చి మార్చి చేయిస్తారు. 'ఈ'కి రెక్కలు దగ్గరికి రావాలి, ఎగపీల్పుకి దూరం జరగాలి. బద్ధకంగా కదిలే రెక్కకీ, అసలు కదలని రెక్కకీ తేడా ఈ మార్పిడిలోనే బయటపడుతుంది. గూడూరాయనకి కుడి రెక్క మధ్య గీత దాటి మరీ అవతలికి వెళ్ళి అందుకోవాలని చూస్తోంది. ఎడమ రెక్క మాత్రం పక్కకి ఒరిగి అక్కడే ఉంది. 'ఈ' అన్నప్పుడు కూడా మధ్యలో నల్లటి సందు కనిపిస్తూనే ఉంది. తెర మీద చూసి ఆయనే అన్నారు, "ఒక తలుపు మూసుకోవడంలే."

నాలుగోది స్ట్రోబోస్కోపీ. స్వరతంతులు మగవాళ్ళలో సెకనుకి సుమారు వందసార్లు, ఆడవాళ్ళలో దాదాపు రెండువందలసార్లు కంపిస్తాయి. కంటికి అందని ఆ కంపనాన్ని మిణుకుమిణుకుమనే లైటుతో నెమ్మదిగా జరుగుతున్నట్టు చూపిస్తుంది. గాయకులకి, చిన్న కాయలకి, తంతి బిగుసుకుపోయిందని అనుమానం ఉన్నప్పుడు దీన్ని మించింది లేదు. కానీ ఆ లైటు మన గొంతు శ్రుతిని పట్టుకుని దాని వెంట నడవాలి. గాలిపోయే గొంతులో పట్టుకోవడానికి శ్రుతే ఉండదు. ఆయనకి పెట్టి చూశారు, లైటు ఎటో కొట్టుకుంది. 'పెద్ద ప్యాకేజీ' పేరుతో మొదటి రోజే దీన్ని కలిపి రాస్తే, రెక్క కదులుతోందో లేదో చెప్పడానికి ఇది అవసరమా అని అడగండి. గొంతు కాస్త కుదురుకున్నాక, చికిత్స ఫలితం చూడటానికి పనికొస్తుంది.

ఏ స్కోపు చేసినా వీడియో పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. మూడు నెలల తర్వాత "కొంచెం కదులుతున్నట్టుంది" అనే మాటకి, రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి చూడటానికి చాలా తేడా ఉంటుంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోనులో రెండు ప్రశ్నలు అడిగేయండి: ముక్కులోంచి వెళ్ళే వంగే స్కోపు ఉందా, అదే రోజు మింగుడు పరీక్ష కూడా చేస్తారా.

మింగుడు పరీక్ష: ఫీస్, బేరియం

'ఫీస్' అంటే రుసుము అనుకుని "ఎంతమ్మా?" అని అడిగేవాళ్ళు వారానికొకరు తగులుతారు. అది పరీక్ష పేరు. అదే వంగే స్కోపుని ముక్కులోంచి గొంతు పైభాగంలో ఉంచి, మింగుతుండగా చూడటం. రెండో దారి బేరియం కలిపిన నీళ్ళు, ముద్దలు మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీయడం.

రెండూ మంచివే, చూపించేవి వేరు. ఎక్స్‌రే వీడియోలో నోటి దగ్గర్నుంచి అన్నవాహిక దాకా మొత్తం ప్రయాణం పక్కనుంచి కనిపిస్తుంది. మింగుతున్న ఆ క్షణంలోనే నీళ్ళు జారాయా అన్నది దాంట్లో తెలుస్తుంది. ఫీస్‌లో సరిగ్గా ఆ క్షణమే కనిపించదు, గొంతు ముడుచుకోవడంతో తెర ఒక్కసారిగా తెల్లబడిపోతుంది. ముందూ వెనకా చూసి, రంగు ఎక్కడ మిగిలిందో బట్టి చెప్పుకోవాలి. కానీ ఫీస్‌లో రేడియేషన్ లేదు, అసలు కాఫీతోనే, మజ్జిగతోనే చేయొచ్చు, ఎంతసేపైనా మళ్ళీ మళ్ళీ చేసి చూడొచ్చు. ఉమ్ము గొంతులో పేరుకుంటోందా, స్కోపు తగిలితే లోపల స్పర్శ తెలుస్తోందా అన్నవీ దీంట్లోనే తెలుస్తాయి.

స్పర్శ సంగతి ఎందుకంటే, కొందరికి నీళ్ళు శ్వాసనాళంలోకి జారినా దగ్గు రాదు. పైనుంచే నరం దెబ్బతింటే కదలికతో పాటు స్పర్శా పోతుంది. 'పొలమారడం తగ్గింది' అని ఇంట్లోవాళ్ళు సంతోషించే రోజుల్లోనే జ్వరం, న్యుమోనియా వచ్చినవాళ్ళని చూశాను. గ్లాసుతో నీళ్ళు తాగించి దగ్గు వస్తుందా అని చూసే మంచం పక్క పరీక్షకి ఉన్న పెద్ద హద్దు కూడా ఇదే. దగ్గు రాలేదంటే జారలేదని ధైర్యంగా చెప్పలేం.

ఒక రెక్క మాత్రమే ఆగిపోయిందని తెలిశాక నా ఎంపిక ఫీసే. స్కోపు ఎలాగూ లోపలే ఉంది. ముద్దలు ఛాతీలో అడ్డుపడుతున్నాయన్నా, స్ట్రోక్ తర్వాత నాలుక కదలిక కూడా మందగించినా ఎక్స్‌రే వీడియో అడుగుతాను. ఫీస్ ఉన్న రోజు గొంతులో మత్తు స్ప్రే ఎక్కువ కొట్టనివ్వకండి. గొంతు మొద్దుబారితే మంచివాళ్ళకి కూడా పొలమారుతుంది, పరీక్షకి అర్థం ఉండదు.

గూడూరాయనకి ఆకుపచ్చ రంగు కలిపిన నీళ్ళతో మొదలుపెట్టాం. చెంచాడు, అంటే 5 మి.లీ., శుభ్రంగా దిగింది. 10 మి.లీ. కూడా దిగింది. 90 మి.లీ. గ్లాసుని ఆపకుండా తాగమన్నప్పుడు మూడో గుక్కకి ఎడమవైపు సందులోంచి ఆకుపచ్చ గీత ఒకటి స్వరతంతుల కిందికి జారింది. ఆయన దగ్గారు, కానీ ఆ దగ్గుకి బలం లేక సగమే పైకొచ్చింది. తలని ఎడమ భుజం వైపు, అంటే పాడైన వైపుకి తిప్పి, ఒక్కో గుక్క చొప్పున తాగించాం. ఆ వైపు దారి నొక్కుకుపోవడంతో నీళ్ళు కుడివైపు నుంచి దిగాయి, గీత కనిపించలేదు. చిక్కటి రాగిజావ ఎలా తాగినా జారలేదు.

దీంతో ఆ రోజే ఇంటికి పంపేముందు చెప్పగలిగింది తేలిపోయింది: నీళ్ళు మానక్కర్లేదు, గుక్కగుక్కకి ఆగాలి, తల ఎడమకి తిప్పాలి, గ్లాసెత్తి గటగటా తాగకూడదు. ఇది ఆయన పరీక్షలో తేలిన చిట్కా. మీ ఇంట్లోవాళ్ళకి ఏ వైపు తిప్పాలో, తిప్పితే పనిచేస్తుందో లేదో వాళ్ళ పరీక్షే చెప్పాలి.

స్కాన్ ఎక్కడిదాకా తీయాలి

రెక్క ఆగిపోయిందని తేలాక అడగాల్సిన ప్రశ్న, నరం దారిలో ఎక్కడ తెగింది లేదా నలిగింది అని. ఈ నరం నడిచే దారి కాస్త విచిత్రం. గూడూరులో రైలెక్కి సూళ్ళూరుపేటలో దిగాల్సిన మనిషి నిద్రపోయి ముందుకు వెళ్ళిపోయి, తిరుగు బండిలో వెనక్కి వచ్చినట్టు ఉంటుంది. పుర్రె అడుగు నుంచి బయల్దేరి, మెడలో స్వరపేటికని దాటిపోయి, కిందికి వెళ్ళి మలుపు తిరిగి పైకొస్తుంది. కుడివైపుది గుమ్మిడిపూండి దగ్గరే దిగి వెనక్కి వచ్చినట్టు, మెడ మొదట్లో చేతికెళ్ళే పెద్ద రక్తనాళం కిందుగా మలుపు తిరుగుతుంది. ఎడమవైపుది చెన్నై సెంట్రల్ దాకా వెళ్ళి, ఛాతీ లోపల మహాధమని వంపు కింద తిరిగి వస్తుంది. ఎడమ రెక్కే ఎక్కువగా ఆగిపోవడానికి ఈ పొడవాటి దారి ఒక కారణం.

అందుకే ఎడమ రెక్క ఆగితే మెడ స్కాన్ ఒక్కటే చాలదు. ఆయన తెచ్చిన 'నార్మల్' ఫిల్ములు లైటు మీద పెట్టి చూసిన మా ఈఎన్‌టీ డాక్టరు చివరి బొమ్మ మీద వేలు పెట్టారు. స్కాన్ కాలరెముక దగ్గరే ఆగిపోయింది. రిపోర్టు అబద్ధం కాదు, మెడలో నిజంగానే ఏమీ లేదు. నరం ఇంకా కిందికి వెళుతుందని రాసిచ్చినవాళ్ళకి తట్టలేదు, అంతే. సూళ్ళూరుపేట ప్లాట్‌ఫారం మొత్తం వెతికి, మనిషి లేడని రాసుకున్నట్టు.

కాబట్టి కారణం తెలియని పక్షవాతానికి సీటీ చీటీ మీద "పుర్రె అడుగు నుంచి మహాధమని వంపు కింది దాకా, కాంట్రాస్ట్‌తో" అనే అర్థం వచ్చేలా ఉందో లేదో చూసుకోండి. కాంట్రాస్ట్ అంటే రక్తనాళాల్లోకి ఎక్కించే మందు. దానికి ముందు క్రియాటినిన్ చూస్తారు. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, కిడ్నీ ఇబ్బంది ఉన్నా, ఇదివరకు ఆ మందు పడకపోయినా ముందే చెప్పాలి. ఛాతీ ఎక్స్‌రే తీసి బాగుందన్నంత మాత్రాన సీటీ మానకండి. మహాధమని వంపు కింద నక్కిన చిన్న గ్రంథులు ఎక్స్‌రేలో దాక్కుంటాయి.

ఎంఆర్‌ఐని ఎంచుకోవాల్సిన సందర్భం వేరు. గొంతుతో పాటు కొండనాలుక పక్కకి లాగడం, ముక్కులోంచి నీళ్ళు రావడం, నాలుక ఒకవైపు వంగడం, భుజం ఎత్తలేకపోవడం ఉంటే నరం పైనే, పుర్రె అడుగున గానీ మెదడులో గానీ దెబ్బతిన్నట్టు. అప్పుడు అది ముందుకొస్తుంది. థైరాయిడ్ ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే గొంతు పోయినవాళ్ళకి మాత్రం కారణం కళ్ళ ముందే ఉంది, సాధారణంగా స్కాన్ల కోసం తిరగనక్కర్లేదు.

గూడూరాయనకి కొత్త సీటీలో, సరిగ్గా ఆ మలుపు దగ్గర, ఉబ్బిన గ్రంథుల గుత్తి కనిపించింది. సిగరెట్ చరిత్ర ఉంది కాబట్టి అందరి మనసులోకీ వచ్చింది క్యాన్సరే. కూతురు నాతో వరండాలోనే ఏడ్చేసింది. బొమ్మ చూసి ఎవరూ ఏమీ తేల్చకూడదని, ఛాతీ డాక్టర్లు ఈబస్ చేశారు. అంటే గాలిగొట్టంలోకి అల్ట్రాసౌండ్ ఉన్న స్కోపు పంపి, గ్రంథిలోంచి సూదితో ముక్క తీయడం. క్షయ అని తేలింది. ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయి, కళ్ళె లేదు, జ్వరం లేదు. గొంతే మొదటి గుర్తు.

నరానికి సూది పరీక్ష, ఎదురుచూపు, ఇంజెక్షన్

స్వరపేటిక కండరంలోకి మెడ మీదనుంచి సన్నటి సూది పెట్టి కరెంటు సంకేతాలు చూసే ఈఎంజీ పరీక్ష ఒకటుంది. చేసేవాళ్ళు తక్కువ. మొదలైన నాలుగు వారాల తర్వాత నుంచి ఆరు నెలల లోపు చేస్తేనే చెప్పుకోదగ్గ సమాచారం వస్తుంది. నరం తిరిగి రాదు అని చెప్పడంలో దానికి ఉన్న నమ్మకం, తిరిగి వస్తుంది అని చెప్పడంలో లేదు. ఊపిరి గొట్టం వేసిన ఆపరేషన్ తర్వాత రెక్క ఆగితే, ఆగింది నరమా లేక రెక్క తిరిగే కీలు పక్కకి జరిగిందా అని తేల్చడానికి కూడా వాడతారు. మామూలుగా అందరూ దీని కోసం వెతుక్కుంటూ తిరగక్కర్లేదని నా అభిప్రాయం.

అసలు ఎంపిక ఎదురుచూడటమా, ఇంజెక్షనా అన్నదగ్గర వస్తుంది. నరం పూర్తిగా తెగలేదని అనుకుంటే దానంతటది కోలుకోవడానికి సుమారు ఏడాది గడువిస్తారు. శాశ్వతమైన ఆపరేషన్‌కి అందుకే తొందరపడరు. కానీ ఆ ఏడాదంతా పొలమారుతూ కూర్చోనక్కర్లేదు. ఆగిపోయిన రెక్కలోకి హయలురోనిక్ యాసిడ్ లాంటి జెల్ ఒక మి.లీ.కి మించకుండా ఎక్కిస్తే అది ఉబ్బి మధ్యకి జరుగుతుంది, రెండో రెక్కకి అందుతుంది. ముక్కులోంచి స్కోపుతో చూస్తూ, మెడ మీద తిమ్మిరి మందు ఇచ్చి, కూర్చోబెట్టే చేస్తారు. కొన్ని నెలలకి జెల్ కరిగిపోతుంది. ఈలోపు నరం వస్తే అడ్డుపడదు. ఎక్కువకాలం నిలిచే పదార్థాలూ ఉన్నాయి గానీ, నరం వస్తుందో రాదో తెలియని మొదటి నెలల్లో త్వరగా కరిగేదే మంచిది.

ఎవరికి ఎదురుచూపు, ఎవరికి ఇంజెక్షన్ అన్నది ఫీస్ చెబుతుంది. గొంతు బలహీనంగా ఉన్నా నీళ్ళు జారకపోతే, దగ్గుకి బలం ఉంటే, వ్యాయామాలతో ఆగొచ్చు. నీళ్ళు జారి దగ్గు చాలకపోతే, ఇదివరకే ఊపిరితిత్తులు బాగాలేకపోతే, గొంతే జీవనాధారమైతే ముందే ఇంజెక్షన్ మేలు. మా వ్యాయామాలు చచ్చుబడ్డ నరాన్ని బతికించవు. ఉన్న రెక్కతో గొంతు చించుకోకుండా మాట్లాడటం నేర్పుతాయి. అది ముందే చెప్పేస్తాను, లేకపోతే రెండు నెలలయ్యాక "ఇంకా రాలేదేంటమ్మా" అంటారు.

గూడూరాయనకి క్షయ మాత్రలు మొదలైన నెలకి ఇంజెక్షన్ చేశారు. 'ఆ' నాలుగు సెకన్ల నుంచి పదకొండుకి వచ్చింది. గ్లాసుడు నీళ్ళు తల తిప్పకుండా తాగి చూపించారు. గ్రంథులు కరిగాయి, ఆరు నెలల మాత్రలు పూర్తయ్యాయి, కానీ నలిగిన నరం లేవలేదు. ఎనిమిదో నెలలో జెల్ కరిగి 'ఆ' లెక్క మళ్ళీ ఆరుకి పడింది. మొదటి రోజు వీడియో, ఆ రోజు వీడియో పక్కపక్కన పెట్టి చూస్తే ఎడమ రెక్కలో తేడా లేదు. ఏడాది నిండాక థైరోప్లాస్టీ చేశారు. మెడ ముందున్న మృదులాస్థికి చిన్న కిటికీ కోసి, లోపల సిలికాన్ ముక్క పెట్టి రెక్కని శాశ్వతంగా మధ్యకి నెట్టడం అది. 1974లో జపాన్ డాక్టర్ ఇషికి దీనికి రూపం ఇచ్చాడు.

ఈ ఆపరేషన్‌లో మనిషిని పూర్తిగా నిద్రపుచ్చరు. ముక్క ఎంత లోపలికి నెట్టాలో గొంతు విని సరిచూసుకోవాలి కాబట్టి బల్ల మీదే మాట్లాడిస్తారు. మామూలుగా అంకెలు లెక్కపెట్టమంటారు. ఈయన్ని లెక్కపెట్టమంటే ఒకటి, రెండు అని ఆగలేదట. "ఒకటో సారి... రెండో సారి..." అని పాట అందుకున్నారట. మూడో సారికి గొంతు మోగింది, డాక్టరు ముక్కని అక్కడ బిగించారు.